బడి సినిమాలు, ముప్పై ఒకటో నంబరు

ఆ శనివారం నేను రెండు తప్పులు చేశాను. సినిమాను ముందుగా నేనొక్కణ్ణీ కూర్చుని చూడకుండానే పిల్లలకు వేశాను. ఆ సినిమా చూసి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక, నలభై మంది ముందు ఆమెను అవమానించాను. మొదటిదాన్ని అజాగ్రత్త అనుకోవచ్చు. రెండోది పిరికితనం. దానికి ఇంకో పేరు పెట్టుకుందామని ఆ సాయంత్రమంతా ప్రయత్నించాను, కుదరలేదు.

నేను సర్కారు బడిలో పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆబిడ్స్‌లో ఒక పాత లైబ్రరీ మేడ మీద రీడింగ్ రూమ్ ఉంది. వేసవిలో దాన్ని శనివారం మధ్యాహ్నాలు మాకిస్తారు. ఇంటర్ పరీక్షలు రాసి, ముందేం చదవాలో తేల్చుకోలేక ఉన్న పిల్లల కోసం అక్కడ సినిమాలు వేస్తాను. అన్నీ బడుల మీద, పంతుళ్ళ మీద తీసినవే. టీచర్ ఉద్యోగం వైపు పోదామా వద్దా అని ఆలోచించే పిల్లలకు ఎవరో ఒకరు ఆ పని ఎలా ఉంటుందో చూపించాలి కదా అనుకుని మూడేళ్ళ కింద మొదలుపెట్టాను. కిటికీలకు దుప్పట్లు కడతాం. అరువు తెచ్చిన ప్రొజెక్టర్, గోడకు తెల్ల దుప్పటి, రెండు స్పీకర్లు, గర్రుమనే కూలర్. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు సినిమాలో కలిసిపోతుంటాయి.

సినిమా వేసి ఊరుకుంటే పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. అందుకని ప్రతి ఒక్కరికీ మూడు గడులు గీసిన కాగితం ఇస్తాను. మొదటి గడిలో పంతులు ఏం చేశాడో రాయాలి. రెండో గడిలో, దానికి పిల్లలు ఏం చేశారో. మూడో గడిలో సినిమాలో చూపించనిది. ఈ మూడో గడి నింపడమే కష్టం. మొదటి వారం దాదాపు అందరూ దాన్ని ఖాళీగా వదిలేశారు. ఒకడు "పంతులు భోజనం చేసింది చూపించలే" అని రాశాడు. నవ్వారు గాని, అది తప్పు జవాబేం కాదు.

ఆ వేసవిలో మొదట వేసింది ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఊరి కరణం బడి స్థలం కాజేయబోతే పంతులు ఎదురు నిలబడతాడు. చివర్లో పిల్లలంతా ఆయన కాళ్ళకు మొక్కుతారు. పిల్లలకు ఆ పంతులు చాలా నచ్చాడు. నేను ప్రొజెక్టర్ ఆపి, "రెండున్నర గంటల్లో ఆయన పాఠం చెప్పింది ఎంతసేపు?" అని అడిగాను. లెక్కబెట్టి చూస్తే ఒక్క పద్యం. మిగిలిందంతా పోరాటమే. రెండో వారం ఒక డాక్యుమెంటరీ. ఒకటో తరగతి గదిలో వెనక మూలన కెమెరా పెట్టి ఏడాదంతా తీశారు. కథ లేదు, పాటలు లేవు. ఒక టీచరమ్మ ఒక పిల్లవాడి వేలు పట్టుకుని ఇసుకలో అక్షరం దిద్దిస్తుంది. వాడు తప్పు రాస్తాడు. మళ్ళీ దిద్దిస్తుంది. జూన్‌లో మొదలైన ఆ పని డిసెంబరులో గాని అయిపోదు. సగం మంది కునుకు తీశారు. మెలకువగా ఉన్నవాళ్ళలో, నేను అవమానించానన్న ఆ అమ్మాయి ఒకతె.

ఆమె ఇల్లు నాంపల్లిలో, స్టేషన్ వెనక గల్లీల్లో. వాళ్ళ నాన్న పల్లె వదిలి వచ్చి బేగం బజార్‌లో మూటలు మోస్తాడు. అమ్మ సుల్తాన్ బజార్‌లో ఒక చీరల దుకాణానికి ఫాల్స్ కుడుతుంది. అమ్మాయికి పదిహేడేళ్ళు. నిదానంగా మాట్లాడుతుంది. ఆ డాక్యుమెంటరీ చూసిన రోజు తన కాగితం మూడో గడిలో ఇలా రాసింది: "ఆ పిల్లవానికి అక్షరం రానన్ని రోజులు, వచ్చేసిన పిల్లలు ఏం జేసిన్రో చూపించలేదు." ముప్పై ఏళ్ళు చాక్‌పీసు పట్టినవాణ్ణి. ఆ వాక్యం చదివి ఈ పిల్ల టీచరే అనుకున్నాను. డీఎడ్ ప్రవేశ పరీక్షకు ఫారం నింపమని నేనే చెప్పాను. రెండేళ్ళ కోర్సు, ఆ తర్వాత టెట్, ఆ తర్వాత ఎప్పుడు పడుతుందో తెలియని డీఎస్సీ. అన్నీ వివరంగా చెప్పాను. ఇంట్లో కంప్యూటర్ కోర్సు చేయమంటున్నారని, అమ్మానాన్నలను ఒప్పించి నింపుతానని అంది. ఒప్పించింది కూడా. ఆఖరి తేదీ సోమవారం. నేను చెప్తున్నది దానికి రెండు రోజుల ముందటి శనివారం సంగతి.

ఆ రోజు వేయాల్సిన సినిమా పెన్‌డ్రైవ్‌లో చెడిపోయింది. ఒక మిత్రుడు ఇంకొకటి పంపించాడు, తమిళ సినిమా. మధ్యాహ్నం పన్నెండుకు అందింది, మూడింటికి వేయాలి. మొదటి పావుగంట చూసి, బాగుందిలే అనుకుని లాప్‌టాప్ మూసేశాను.

కథ మరమగ్గాల ఊరిలో జరుగుతుంది. ఒక లెక్కల మాస్టారు. ఐదో తరగతిలో ఒక పిల్ల పంతొమ్మిది రోజులుగా బడికి రాదు. ఆయన హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతాడు. సినిమాలో మొదటి గంట ఆ వెతుకులాటే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కాబట్టి నేను మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్తున్నాను. చివరికి పిల్ల దొరుకుతుంది. తల్లి మగ్గం మీద, పిల్ల చంకలో పది నెలల తమ్ముడు. వాణ్ణి చూసుకునేవాళ్ళు లేక బడి మానేసింది. మాస్టారు ఏమీ అనకుండా తిరిగి వెళ్తాడు. మర్నాడు పొద్దున బడి తలుపు తెరుచుకుంటుంది. పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని గడపలో నిలబడి ఉంటుంది. లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడి ఉంటుంది.

అక్కడ నా నోరు ఆగిపోయింది. సబ్‌టైటిల్ వచ్చి పోయింది. నేను చదవలేదు. పిల్లలు నా వైపు తిరిగి చూశారు.

సినిమాలో మాస్టారు లేచి వెళ్ళి, కిటికీ చువ్వలకు చీర కట్టి తొట్టెల వేస్తాడు. పసివాణ్ణి అందులో పడుకోబెట్టి, "ఇక భిన్నాలు" అంటాడు. క్లాసు పిల్లలు వంతులవారీగా తొట్టెల ఊపుతూ లెక్కలు చేస్తారు. హాల్లో ఒకళ్ళిద్దరు ఈల వేశారు. దీపాలు వేసేసరికి చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు.

నాకు మాత్రం ఆ గడపే కనబడుతోంది. సినిమాలోది కాదు, నా క్లాసు గడప. నాంపల్లిలో మార్కెట్ వెనక ఉన్న ఐదో తరగతి గది. అక్కడ నిలబడ్డ పిల్ల హాజరు పుస్తకంలో ముప్పై ఒకటో నంబరు. ఆమె పేరు రాయను. రాయకూడదని ఒక కారణం. ఇంకో కారణం, చాలా ఏళ్ళు నేను ఆమెను నంబరుతోనే గుర్తుపెట్టుకున్నాను.

కాగితాలు వసూలు చేస్తుంటే ఆ అమ్మాయి చేయి ఎత్తింది.

"సార్, ఒక్కటడుగుత. గా సారు గల్లీల్ల తిరుగుకుంట ఉంటే, క్లాసుల ఉన్న పిల్లల్ని ఎవరు చూసుకున్నరు? గది సినిమాల చూపెట్టలే."

"హీరోయిన్ చూసుకుంటది తియ్యవే!" అని వెనక నుంచి ఒక కుర్రాడు. "గా లంగావోణీ టీచర్ ఎందుకున్నది మరి?"

"నీకు గామె ఒక్కతే కనవడ్డది గద," అంది పక్కనున్న పిల్ల. అందరూ గొల్లుమన్నారు.

ఈ అమ్మాయి నవ్వలేదు. "గాదు సార్, నిజంగనే అడుగుతున్న. రేపు నేను టీచరైతే, ఒక్క పిల్ల కోసం పోవాల్నా, యాభై మంది కాడ ఉండాల్నా? మీరెట్ల చేసిన్రు సార్? మీ క్లాసుల గిట్లెవరన్న రాకపోతే మీరు పోయిన్రా?"

ఆమె నన్ను పరీక్షించడానికి అడగలేదు. మూడు వారాలుగా నేను నేర్పింది ఇలా అడగమనే. పైగా ఆమె అడిగిన మొదటి సగం ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్న సాకు. ఒక్కదాని కోసం పోతే యాభై మందిని ఎవరు చూడాలి? నేను దాచుకున్న మాటను బయటకు తీసి, తేటగా, ప్రశ్నగా నా ముందు పెట్టింది.

నేనన్నాను: "సినిమా చూసి టీచర్లయితమనే వాళ్ళతోనే బడులు ఆగమయినయి. నీకు బడి గాదమ్మా కావాల్సింది, సినిమా హాలు. నువ్వు ఫారం నింపకపోతేనే పిల్లలకు మంచిది."

ఇందాక జోకు వేసిన కుర్రాడు కూడా తల వంచుకున్నాడు. ఆమె తన కాగితం బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

దుప్పట్లు విప్పడానికి నాకు అరగంట పట్టింది. బయట ఇంకా ఎండగానే ఉంది. పెద్ద పోస్టాఫీసు చౌరస్తాలో సిగ్నల్ పడితే నిలబడ్డాను. రోడ్డుకు అవతల ఒక ఆడమనిషి చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. ఇలాంటిది కనబడితే వయసు లెక్కగట్టడం నాకు ఎప్పటినుంచో అలవాటు. నలభైకి అటూఇటూ. ఆ ముప్పై ఒకటో నంబరు పిల్లే అయి ఉండవచ్చు. ఆమె మనవడే కావచ్చు. సిగ్నల్ మారింది, ఆమె నా పక్క నుంచే దాటిపోయింది. మొహం చూడలేకపోయాను. ఇంతవరకు ఎన్ని మొహాలు అలా చూడకుండా వదిలేశానో. రిటైరయ్యేదాకా హాజరు పిలిచినప్పుడల్లా ముప్పై దాటగానే నా గొంతు ఒక్క క్షణం ఆగేది. ఆ నంబరు ఏటేటా వేరే పిల్లదో పిల్లవాడిదో అయ్యేది. వాళ్ళు "హాజర్ సార్" అనేదాకా నేను తలుపు వైపు చూసేవాణ్ణి. సినిమాలు వేయడం మొదలుపెట్టాక కూడా అంతే. చీకటి హాల్లో ఆలస్యంగా ఎవరైనా తలుపు తోసినప్పుడు, వెలుగులో నిలబడ్డ ఆ ఆకారం చంకలో ఏదైనా ఉందా అని చూస్తాను.

ఇంటికొచ్చి ఆ అమ్మాయి కాగితం చదివాను. మూడో గడిలో రెండు వాక్యాలున్నాయి. "తొట్టెల కట్టిన రోజు బాగనే ఉంది. తెల్లారి పొద్దుగాల పసిగుడ్డు ఏడ్చుడు బందు గాకపోతే సారుకు కోపమొచ్చిందా లేదా చూపించలే."

ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అప్పుడే పరుస్తున్నారు. వేరే ఆదివారమైతే అక్కడ ఆగేవాణ్ణి. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఇద్దరు ముగ్గురిని అడిగితే ఇల్లు చూపించారు. ఒకే గది, ముందు రేకుల వసారా. తల్లి గుమ్మం దగ్గర కూర్చుని చీర అంచు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"సినిమాల సారు గదా మీరు? రాండ్రి సార్, లోపటికి రాండ్రి." కుర్చీ తుడుస్తూనే లోపలికి కేకేసింది. "ఏమే! ఏం జేసినవే నువ్వు? సారు ఇంటిదాంక వచ్చిన్రు చూడు!"

పంతులు ఇంటికొచ్చాడంటే పిల్ల ఏదో తప్పు చేసినట్టే. ఆ గల్లీలో అది అందరికీ తెలిసిన సంగతి. పక్కింటావిడ కూడా తొంగి చూసింది.

తండ్రి వసారాలో మంచం మీంచి లేచాడు. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. భుజాల మీద తువ్వాలు సర్దుకుని చేతులు జోడించాడు. "నిన్న రాంగనే ముసుగు తన్ని పండుకున్నది సార్. ఏమైందంటే చెప్తలేదు. ఏమన్న ఎదురు మాట్లాడిందా? తప్పు చేస్తే రెండు ఏయిన్రి సార్, మేమేమనం."

ఎన్ని ఇళ్ళలో ఎందరు తండ్రులు నాతో ఆ మాటే అన్నారో. అది నా మీద గౌరవమని అప్పట్లో పొంగిపోయేవాణ్ణి. ఆ రోజు వద్దన్నట్టు చేయి అడ్డం పెట్టాను.

"తప్పు ఆమెది గాదు," అన్నాను. "నేనే చేసిన. మాఫీ అడుగుదామని వచ్చిన."

"అయ్యో, గట్లనొద్దు సార్!" తల్లి కంగారుపడింది. "మీరు పెద్దోళ్ళు. ఏమన్నా దాని మంచికే అంటరు. జర చాయ తాగున్రి." తండ్రి, "గురువులు మాఫీ అడుగుతరా ఎక్కడన్న," అని నవ్వుతూ కొట్టిపారేశాడు. వాళ్ళు నన్ను మాట పూర్తి చేయనివ్వడం లేదు. నేను ఒక్క అడుగు కిందికి దిగితే వాళ్ళు మళ్ళీ ఎత్తి పైన కూర్చోబెడుతున్నారు. మనసులో ఒక మూల నుంచి, ఇంతటితో చాయ తాగి వెళ్ళిపోవచ్చు కదా అనిపించింది కూడా.

అమ్మాయి లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అమ్మా, సార్‌ను చెప్పనియ్యి," అంది.

అప్పుడు చెప్పాను. నిన్న ఆమెను ఏమన్నానో మొదట తల్లిదండ్రులకు చెప్పాను. తండ్రి నవ్వు ఆగిపోయింది. తర్వాత ముప్పై ఒకటో నంబరు సంగతి చెప్పాను. మూడు వారాలు బడికి రాని పిల్ల ఒక సోమవారం పొద్దున తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. తల్లి పనికి పోతే చూసేవాళ్ళు లేరు. గడపలో నిలబడి "రావచ్చునా సార్" అంది. నేను బోర్డు మీంచి తిరిగి, "ఇది బడా, అంగన్‌వాడీయా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వించడం నాకు బాగా వచ్చు. నేను నవ్వించే పంతులునని పేరు. పిల్ల కూడా నవ్వబోయింది. తర్వాత పసివాణ్ణి ఇటు చంక నుంచి అటు మార్చుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నెలాఖరుకు పుస్తకంలో ఆమె పేరు మీద ఎర్ర సిరా గీత గీశాను. ఆ రోజుల్లో వరసగా రానివాళ్ళ పేర్లు అలా కొట్టేసేవాళ్ళం.

"మళ్ళ రాలేదా?" అంది అమ్మాయి.

"రాలే."

"మీరు పోలేదా?"

"పోలే. వాళ్ళిల్లు బడికి ఐదు నిమిషాలు. కొత్త పిల్లల పేర్లు రాసుకోవడానికి ప్రతి జూన్‌లో ఆ గల్లీ తిరిగినం. ఆ ఇంటి ముంగట నుంచే పోయిన. తలుపు కొట్టలే."

తల్లి కుడుతున్న చీరను ఒళ్ళో నలుపుతోంది. మెల్లగా అంది, "మా అక్క గట్లనే బంద్ అయింది సార్. నన్నెత్తుకుని. నాలుగో తరగతిల." ఇందాకటి గౌరవం ఆమె గొంతులో లేదు. కోపం కూడా లేదు. ఆ క్షణంలో నా కుర్చీ మామూలు కుర్చీ అయింది.

"మరి నిన్న నేనడిగినదానికి జవాబేంది?" అంది అమ్మాయి. "క్లాసును ఎవరు చూస్తరు?"

"పక్క సెక్షన్ టీచర్‌ను చూడమంటే చూస్తది. రెండు సెక్షన్లు కలిపి కూసోపెట్టచ్చు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పోయి రావచ్చు. బడి ఇడిసినంక పోవచ్చు. అందరికి తెలుసు, నాకు తెలుసు. యాభై మందిని ఎవరు చూడాలన్నది నాకు సాకు మాత్రమే."

గల్లీలో ఎవరో నీళ్ళ డబ్బా దొర్లించుకుంటూ పోయారు.

"నాక్కూడ కోపమొస్తది సార్," అంది అమ్మాయి. "మా తమ్ముడు ఏడిస్తే రెండు గుద్దుత. సినిమాల సారు లెక్క నేనుండ. గందుకే భయమైతది. మీరన్నది నిజమేనేమో అని పండుకున్న."

"సినిమా సారు లెక్క ఎవ్వరుండరు. ఆయనకు రెండు గంటల్లో అయిపోతది. నువ్వు మూడో గడిలో రాసినవు చూడు, తెల్లారి సంగతి. ఆ తెల్లారే బడి. నాకు ముప్పై ఏళ్ళు పట్టింది ఆ మాటకు. టీచర్ కావాల్నా వద్దా అన్నది నేను చెప్ప. నిన్న చెప్పి చెడగొట్టిన. రేపే ఆఖరు తేదీ. నువ్వే తేల్చుకో."

"రేపు పోతది," అన్నాడు తండ్రి.

"నాయినా, సారు నన్ను తేల్చుకోమన్నడు," అంది ఆమె. తండ్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

నేను లేచాను. వసారా దాటుతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. "సార్, గా పిల్ల పేరు కొట్టేసినప్పుడు ఎందుకు పోయిందని రాస్తరు గదా రిజిస్టర్ల. ఏం రాసిన్రు?"

జవాబు నాకు తెలుసు. తెలియనట్టు, "చూసి చెప్తా," అన్నాను. ఆ ఇంట్లో నేను చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అది.

సోమవారం నాకు ఎక్కడికీ పోవాలనిపించలేదు. సాయంత్రం నాలుగింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇంటర్నెట్ సెంటర్ నుంచి. వెనక ప్రింటర్ చప్పుడు, ఎవరో గట్టిగా హాల్ టికెట్ అడుగుతున్నారు.

"సార్, ఫారంల మీడియం అడుగుతున్నది. తెలుగు పెట్టాల్నా, ఇంగ్లిష్ పెట్టాల్నా?"

"నువ్వు ఇంటర్ దేంట్ల చదివినవు?"

"తెలుగులనే."

"ఏ భాషల పిల్లలకు చెప్పాలనుకుంటున్నవో అది పెట్టు. తొందరపడకు, నొక్కే ముందు అన్నీ మళ్ళొకసారి చదువు."

"చదివిన సార్. సినిమా చూసి నింపుతలేను, జర యాదుంచుకోండ్రి," అంది. నవ్వుతోందో లేదో తెలియలేదు. ఫోన్ పెట్టేసింది.

తర్వాతి శనివారం సినిమా వేయలేదు. ప్రొజెక్టర్ మూసే ఉంచి, నలభై మందికీ ముప్పై ఒకటో నంబరు సంగతి చెప్పాను. ఆ అమ్మాయిని అన్న మాటను తప్పని అక్కడే, ఆమె ముందే చెప్పాను. జోకు వేసిన కుర్రాడు, "సార్, గియ్యాల మూడో గడి మీరే నింపిన్రు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడు కూడా నవ్వించడానికి అనలేదు. జూన్‌లో బడులు తెరిచాక కావాలన్నవాళ్ళను ఒక వారం ప్రాథమిక పాఠశాలలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టడానికి నాకు తెలిసిన టీచర్లను అడుగుతానన్నాను. పదకొండు మంది చేతులెత్తారు. ఆమె కూడా.

బడులు తెరిచిన మొదటి వారంలో నేను పనిచేసిన పాత బడికి వెళ్ళాను. అడ్మిషన్ రిజిస్టర్ ఎన్నేళ్ళయినా పారేయరు. ఇప్పటి హెడ్‌మాస్టరమ్మ బీరువా తీయించి, నేను ఏడాది చెప్తే పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. పేజీ దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి గుర్తు. చివరి గడిలో "బడి మానిన కారణం" కింద నా చేతిరాత, గుండ్రటి అక్షరాలు: చదువుపై ఆసక్తి లేక.

ఆ ఇంటికి వెళ్ళాను. ఆ వరస ఇళ్ళే లేవు. నాలుగంతస్తుల లాడ్జి ఉంది. పక్కనున్న కిరాణా కొట్టు ముసలాయనను అడిగాను. "చానా మంది పోయిన్రు సారు గీడ నుంచి. ఎవరని చెప్పాలె," అన్నాడు.

మళ్ళీ బడికి తిరిగి వచ్చాను. రిజిస్టర్‌లో రాత మార్చే వీలు లేదని హెడ్‌మాస్టరమ్మ అంది. మార్చమని నేను అడగలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని, రిజిస్టర్ పేజీ నంబరు, అడ్మిషన్ నంబరు, ఆమె పూర్తి పేరు రాశాను. ఇన్నేళ్ళలో ఆ పేరు నా చేతితో పూర్తిగా రాయడం అదే మొదటిసారి. కింద ఇలా రాశాను: "ఈ విద్యార్థిని బడి మానడానికి నేను రాసిన కారణం నిజం కాదు. తమ్ముణ్ణి ఎత్తుకుని ఆమె బడికి వచ్చింది. క్లాసు ముందు నేను ఎగతాళి చేసి వెనక్కి పంపాను. ఆ తర్వాత ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఆమెకు చదువుపై ఆసక్తి ఉంది."

సంతకం పెట్టాను. కింద నా పాత హోదా రాశాను. హెడ్‌మాస్టరమ్మ చదివి, గుండుసూదితో ఆ పేజీకి గుచ్చి పుస్తకం మూసింది. బయట పీరియడ్ గంట కొట్టారు. నేను ఫోన్ తీసి ఆ అమ్మాయికి నంబరు కలిపాను. రిజిస్టర్‌లో ఏముందో అడిగింది కదా, చెప్పాను.